మినిట్స్ పుస్తకం నుంచి సింగపూర్ బ్యాంకు దాకా

“సింగపూర్‌లో బ్యాంకు ఖాతా తెరచు విషయమై చర్చించి, ఎగుమతి సొమ్ము జమ నిమిత్తం సదరు ఖాతా తెరచుటకు మరియు లావాదేవీలు జరుపుటకు అధ్యక్షులు, సి.ఇ.ఓ. గార్లకు అధికారం ఇస్తూ హాజరైన సభ్యులందరూ ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.”

సొసైటీల్లో, రైతు సంఘాల్లో, ఉత్పత్తిదారుల కంపెనీల్లో మినిట్స్ పుస్తకం ఎక్కడ తెరిచినా ఇలాంటి వాక్యమే కనిపిస్తుంది. ఊళ్లో ఎవరికి చూపించినా అర్థమవుతుంది. జిల్లా కేంద్రంలోని బ్యాంకు మేనేజరుకు చూపిస్తే మారు మాట్లాడకుండా ఫారం చేతిలో పెడతాడు. అదే వాక్యం ఇంగ్లిషులోకి మారి సింగపూర్‌లోని బ్యాంకు ఉద్యోగి ముందుకు వెళితే మాత్రం ప్రశ్నలు మొదలవుతాయి. ఇది డైరెక్టర్ల సమావేశమా, వాటాదారుల సమావేశమా? ఇద్దరూ కలిసి సంతకం పెట్టాలా, ఒక్కరు పెడితే చాలా? అధికారం ఏ పనుల వరకు? ఏ బ్యాంకులో ఖాతా?

పై తీర్మానం విషయం వివరించడానికి రాసుకున్న నమూనా. పోచంపల్లి చుట్టుపక్కల చేనేత కుటుంబాలు కలిసి పెట్టుకున్న ఒక ఉత్పత్తిదారుల కంపెనీని ఊహించుకుందాం. ఏడుగురు డైరెక్టర్లు, పూర్తికాలం పనిచేసే ఒక సి.ఇ.ఓ. ఉన్నారు. ఇక్కత్ చున్నీలు, స్కార్ఫులు సింగపూర్ వ్యాపారికి పంపుతున్నారు. పెద్ద కంపెనీల తీర్మానాలు మొదటి నుంచీ ఇంగ్లిషులోనే ఉంటాయి కాబట్టి వాటికి అనువాదం అక్కర్లేదు. ఇక్కడ డైరెక్టర్లు మగ్గం మీద పనిచేసేవాళ్లు. చదివి, తెలుసుకుని సంతకం పెట్టాలి కాబట్టి మినిట్స్ తెలుగులో రాసుకున్నారు.

విదేశంలో ఖాతా తెరవడానికి ముందు మన దేశ చట్టం ఒప్పుకోవాలి. విదేశీ మారక నిర్వహణ చట్టం కింద ఉన్న ఖాతాల నిబంధనలను రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో సవరించింది. దాంతో ఎగుమతిదారులు విదేశీ బ్యాంకులో ఖాతా తెరిచి సరుకు తాలూకు సొమ్మును అక్కడే జమ చేయించుకోవడానికి వీలు కలిగింది. ఆ సొమ్ముతో దిగుమతుల బిల్లులు చెల్లించవచ్చు, లేదంటే గడువులోగా ఇండియాకు తెప్పించుకోవాలి. అంటే ఆ ఖాతా ఏ పనికైనా వాడుకునేది కాదు. ఈ సంగతి తీర్మానంలోని ‘ఎగుమతి సొమ్ము జమ నిమిత్తం’ అనే మాటలకు బలం ఇస్తుంది. అనువాదంలో ఆ మాటలు జారిపోకూడదు.

ఇక సింగపూర్ బ్యాంకు వైపు చూద్దాం. అక్కడి కేంద్ర బ్యాంకు మానిటరీ అథారిటీ ఆఫ్ సింగపూర్. నల్లధనం చలామణిని అరికట్టడానికి అది బ్యాంకులకు నోటీసు 626 పేరుతో నియమాలు విధించింది. కంపెనీ పేరున ఖాతా తెరిచేటప్పుడు ఆ కంపెనీ తరఫున వచ్చిన మనిషికి నిజంగా అధికారం ఉందా అన్నది బ్యాంకు పరిశీలించాలి. అందుకు కనీసం రెండు కావాలి: అధికారం ఇచ్చినట్టు చూపే పత్రం, ఆ మనిషి నమూనా సంతకం. తీర్మానం ఆ మొదటి పత్రం. రేపు ఎవరైనా తప్పుడు సంతకంతో డబ్బు తీసుకెళితే బ్యాంకు తన ఫైలులోంచి ముందుగా బయటికి తీసేది దాన్నే. అందుకే ఇంగ్లిషు ప్రతిలోని ఒక్కో మాటనూ వాళ్లు అంత గుచ్చి చూస్తారు.

మొదటి ప్రశ్న ‘సభ్యులందరూ’ దగ్గర పుడుతుంది. మన వాడుకలో పాలకవర్గం సమావేశానికి వచ్చినవాళ్లు కూడా సభ్యులే, సర్వసభ్య సమావేశానికి వచ్చినవాళ్లు కూడా సభ్యులే. కంపెనీ చట్టం భాషలో మాత్రం మెంబర్ అంటే వాటాదారు, బోర్డులో కూర్చునేవాడు డైరెక్టర్. అనువాదకుడు నిఘంటువు చూసి మెంబర్స్ అని రాసేస్తే బ్యాంకు దాన్ని వాటాదారుల సమావేశంగా చదువుతుంది. ఖాతా తెరిచే నిర్ణయం బోర్డు తీసుకున్నట్టు ఎక్కడుందని అడుగుతుంది. ఇది చిన్న పొరపాటు కాదు, పత్రం రకమే మారిపోయింది.

ఇక్కడ అనువాదకుడికి ఆధారం ఆ ఒక్క వాక్యంలో దొరకదు, పేజీ పైభాగంలో దొరుకుతుంది. ‘డైరెక్టర్ల సమావేశం’ అన్న శీర్షిక, హాజరు పట్టిక, సంతకాల వరుస చూస్తే వచ్చినవాళ్లు డైరెక్టర్లేనని తేలుతుంది. అప్పుడు డైరెక్టర్స్ ప్రెజెంట్ అని రాయడం సరైన అనువాదమే. అందుకే తీర్మానం ఒక్కటే కత్తిరించి పంపకుండా తేదీ, చోటు, హాజరు, కోరం ఉన్న పైభాగాన్ని కూడా కలిపి అనువదించాలి. ఉత్పత్తిదారుల కంపెనీకి కోరం అంటే మొత్తం డైరెక్టర్లలో మూడో వంతు, ఎలా చూసినా ముగ్గురికి తగ్గకూడదు. ఏడుగురిలో ఐదుగురు వచ్చారని పట్టిక చెబుతుంటే ఆ సందేహం అక్కడితో తీరిపోతుంది.

పదవుల పేర్లదీ ఇదే తంతు. ‘అధ్యక్షులు’ అన్న మాటను ప్రెసిడెంట్ అనవచ్చు, చైర్మన్ అనవచ్చు. కంపెనీ నియమావళిలో, కార్పొరేట్ వ్యవహారాల శాఖ రికార్డుల్లో ఏముందో ఇంగ్లిషులోనూ అదే ఉండాలి. బ్యాంకు రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తుంది మరి. ఇంతకన్నా ప్రమాదకరమైన మాట ‘కార్యదర్శి’. ఊళ్లో సంఘానికి కార్యదర్శి అంటే పుస్తకాలు రాసి, సమావేశాలు పిలిచే మనిషి. కంపెనీ సెక్రటరీ అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కంపెనీ సెక్రటరీస్‌లో సభ్యత్వం ఉన్న వృత్తినిపుణుడు. మొదటివాణ్ని రెండోవాడిగా రాసేస్తే లేని అర్హతను అంటగట్టినట్టవుతుంది.

అసలు చిక్కు ఒక కామా దగ్గర ఉంది.

‘అధ్యక్షులు, సి.ఇ.ఓ. గార్లకు అధికారం ఇస్తూ’ అని రాశారు. తెలుగులో రెండు పేర్ల మధ్య కామా పెట్టి చివర ‘గార్లకు’ అని బహువచనం చేర్చితే వాక్యం నిండుగానే ఉంటుంది. కానీ ఆ ఇద్దరూ కలిసి సంతకం పెడితేనే చెల్లుతుందా, ఎవరు పెట్టినా చెల్లుతుందా అన్నది అందులో లేదు. ఇంగ్లిషు బ్యాంకు భాషలో ఈ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి. ఇద్దరూ కలిసి అయితే జాయింట్లీ. విడివిడిగా ఎవరైనా అయితే సెవరల్లీ లేదా సింగ్లీ. ఆ మాట లేకపోతే బ్యాంకు తన కంప్యూటర్‌లో సంతకాల నియమాన్ని నమోదు చేయలేదు. భార్యాభర్తల పాస్‌బుక్కుల మీద కనిపించే ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ ఇక్కడికి తెచ్చి అతికిస్తే ఇంకా తప్పు. అది మనుషుల ఉమ్మడి ఖాతాకు సంబంధించిన మాట. ఇక్కడ ఖాతాదారు కంపెనీ, ఆ ఇద్దరూ కేవలం సంతకందార్లు.

మామూలుగా ఇక్కడే అనువాదకుడు తన తెలివి వాడతాడు. ‘గార్లకు’ అని ఇద్దరినీ కలిపి చెప్పారు కాబట్టి కలిసే అయి ఉంటుందని జాయింట్లీ చేరుస్తాడు. లేదా సి.ఇ.ఓ. ఫోన్ చేసి, “నేనొక్కణ్ణి పెడితే చాలండి, అధ్యక్షులవారు ఊళ్లో ఉండరు” అంటే సింగ్లీ అని రాస్తాడు. రెండూ అనువాదం కిందికి రావు. బోర్డు ఇవ్వని అధికారాన్ని ఇచ్చినట్టు రాయడమే అవుతుంది. ఒక్క సంతకంతో డాలర్లు బయటికి పోయే వీలు ఆ ఒక్క మాట వల్ల ఏర్పడుతుంది. ఆ మాటకు మినిట్స్ పుస్తకంలో పునాది లేదు. ఇంగ్లిషు ప్రతిలో కూడా సందేహాన్ని సందేహంగానే ఉంచి, ‘మూలంలో కలిసి అనిగానీ విడివిడిగా అనిగానీ లేదు’ అని అనువాదకుడి గమనికగా రాయడం ఒక్కటే అతను చేయదగిన పని. పంపించే ముందే ఆ సంగతి కంపెనీకి చెబితే మరీ మంచిది.

అధికారం హద్దు కూడా ఇలాగే చేయి దాటుతుంది. తీర్మానంలో ఉన్నవి రెండే పనులు: ఖాతా తెరవడం, లావాదేవీలు జరపడం. లావాదేవీలు అంటే జమలు, చెల్లింపులు అని అందరికీ తెలుసు. అందులో ఇంటర్నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డులు తీసుకోవడం వస్తుందా? ఓవర్‌డ్రాఫ్టు వాడుకోవడం వస్తుందా? ఖాతా మూసేయడం వస్తుందా? బ్యాంకు వీటన్నిటినీ వేర్వేరు అధికారాలుగా చూస్తుంది. ఇంగ్లిషు నమూనాలు చాలా చూసిన అనువాదకుడి వేళ్లకు ఒక అలవాటు ఉంటుంది. తీర్మానం చివర ‘అవసరమైన సమస్త పనులు, చర్యలు, పత్రాలు’ అనే అర్థం వచ్చే పొడవాటి తోక తనంతట తానే వచ్చి చేరుతుంది. చూడటానికి అది లాంఛనంలా ఉంటుంది. నిజానికి అప్పు తీసుకునే దారి కూడా అందులోంచే తెరుచుకోవచ్చు. తెలుగు మూలంలో ఆ తోక లేకపోతే ఇంగ్లిషులోనూ ఉండకూడదు.

అంకెల్లో కూడా ఇదే క్రమశిక్షణ కావాలి. కొన్ని తీర్మానాల్లో ‘ఒక్కసారికి రూ. 10,00,000 మించకుండా’ అని పరిమితి ఉంటుంది. లక్ష, కోటి మనకు తెలిసినంతగా సింగపూర్‌లో తెలియవు. మన కామాలు కూడా వాళ్లకు అచ్చుతప్పులా కనిపిస్తాయి. అందుకని 1,000,000 అని రాసి, ఇండియన్ రుపీస్ అన్న మాట, అక్షరాల్లో మొత్తం పక్కన చేర్చాలి. డాలర్లలోకి మార్చడం మాత్రం అనువాదకుడి పని కాదు. ఖాతా డాలర్లలో ఉండి పరిమితి రూపాయల్లో ఉంటే ఆ ఇబ్బందిని కూడా బోర్డే సరిచేయాలి. తేదీని 05-04-2025 అని వదిలేస్తే చదివేవాడి అలవాటును బట్టి అది ఏప్రిల్ కావచ్చు, మే కావచ్చు. నెల పేరు అక్షరాల్లో రాసేస్తే గొడవ ఉండదు.

మనుషుల పేర్ల దగ్గర తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే తంటా ఒకటుంది. మినిట్స్‌లో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత, చివర ‘గారు’. పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరే గడిలో ఉంటుంది. కొందరికి ఆ గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలోకి వచ్చేస్తుంది. వెంకటేశ్వర్లు అన్న పేరులో ‘శ్వ’కు ఎస్ ఒక్కటే రాసేవాళ్లున్నారు, పక్కన హెచ్ చేర్చేవాళ్లున్నారు. పాన్ కార్డులో ఒకలా, పాస్‌పోర్టులో మరోలా ఉండటం కూడా కొత్తేమీ కాదు. బ్యాంకు గుర్తింపు కోసం చూసేది పాస్‌పోర్టు కాబట్టి అనువాదకుడు తన చెవిని నమ్మకుండా పాస్‌పోర్టు నకలు అడిగి తెప్పించుకుని అక్షరం పొల్లుపోకుండా అదే రాయాలి. మూలంలో ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉంటే దాన్ని విప్పి రాయకుండా, పాస్‌పోర్టులోని పూర్తి పేరును గమనికలో ఇవ్వాలి. ‘గారు’ను వదిలేయవచ్చు. ‘శ్రీమతి’ ఉంటే ఉంచడమే మేలు, ఎందుకంటే అది మనిషిని పోల్చుకోవడానికి పనికొస్తుంది.

కాగితం మీద అక్షరాలు కాక ఇంకా చాలా ఉంటాయి. గుండ్రటి రబ్బరు స్టాంపు, నీలి సిరా వేలిముద్ర, పక్కన ‘నిశాని’ అన్న మాట, ఒకచోట కొట్టేసి పైన రాసిన తేదీ, దాని పక్కన పొట్టి సంతకం. ఇవన్నీ కూడా అనువాదంలో కనిపించాలి. వేలిముద్ర ఉన్నచోట చదరపు బ్రాకెట్లలో వేలిముద్ర ఉందని, స్టాంపు ఉన్నచోట స్టాంపులోని మాటల అనువాదాన్ని, కొట్టివేత ఉన్నచోట ఏది కొట్టేసి ఏది రాశారో చెప్పాలి. చదవడానికి వీలుకాని సంతకాన్ని ఊహించి పేరు రాయకూడదు. కొట్టివేతను దాచి శుభ్రమైన ప్రతి తయారుచేస్తే, బ్యాంకులో ఎవరో రెండు కాగితాలూ పోల్చిన రోజున అనుమానం మొత్తం అనువాదం మీదికి పాకుతుంది. పోల్చేవాళ్లు ఉంటారా అంటే, విదేశీ భాషా పత్రాలను తగిన అర్హత ఉన్నవాళ్ల చేత అనువదింపజేయాలనో, ఆ భాష వచ్చిన ఉద్యోగి చేత చూపించాలనో సింగపూర్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. సింగపూర్‌లో తెలుగు చదవగలిగిన బ్యాంకు ఉద్యోగి దొరకడం పెద్ద వింతేం కాదు.

మరి కామా దగ్గర ఆగిపోయిన మన కంపెనీ ఏం చేయాలి? మినిట్స్ పుస్తకంలో ఆ వాక్యం మీద ఒక బాణం గుర్తు వేసి ‘సంయుక్తంగా’ అని ఇరికించడం అందరికీ తట్టే ఉపాయం. అది కుదరదు. ఒకసారి ఎక్కించి సంతకం చేసిన మినిట్స్‌ను ఆ తర్వాత దిద్దకూడదు. మార్చాలంటే మరో సమావేశంలో బోర్డు ఒప్పుకుని, ఆ సంగతి కూడా రికార్డు కావాలి. కాబట్టి దగ్గరి దారి కొత్త తీర్మానమే. అది చేసే ముందు బ్యాంకును అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీ సొంత నమూనా తీర్మానం ఏదైనా ఉందా?

చాలా బ్యాంకులకు ఉంటుంది. రెండు మూడు పేజీల ఇంగ్లిషు ఫారం వస్తుంది. ఇక్కడ కంపెనీలు పడే గుంట మరొకటి ఉంది. బోర్డు తెలుగులో నాలుగు వరుసల తీర్మానం చేస్తుంది. అధ్యక్షుడు ఆ ఇంగ్లిషు ఫారం మీద ‘ఇది బోర్డు ఆమోదించిన తీర్మానం’ అని సంతకం పెట్టి పంపేస్తాడు. ఫారంలో ఉన్న అప్పు తీసుకునే అధికారం, ఫ్యాక్సు ఆదేశాలకు పూచీ, ఇంటర్నెట్ చెల్లింపులు బోర్డులో ఎవరూ వినలేదు. అలా కాకుండా అనువాదాన్ని తలకిందులు చేయాలి. ముందు బ్యాంకు ఫారాన్ని తెలుగులోకి మార్చి బోర్డులో చదివి వినిపించాలి. అక్కర్లేని అంశాలు కొట్టేసి, ఆ మార్పులకు బ్యాంకు ఒప్పుకుంటుందో లేదో కనుక్కోవాలి. మిగిలిన దాన్ని రెండు భాషల్లో పక్కపక్కన మినిట్స్‌లో ఎక్కించాలి. తేడా వస్తే ఏ భాషా ప్రతి చెల్లుతుందో కూడా ఒక వాక్యంలో చెప్పుకోవాలి. అప్పుడు బ్యాంకుకు వెళ్లే ఇంగ్లిషు కూడా బోర్డు ఆమోదించిన మూలమే అవుతుంది.

బ్యాంకుకు ప్రత్యేక ఫారం లేదనుకుంటే మన కంపెనీ కొత్త తీర్మానం ఇలా ఉండవచ్చు:

“1. ఎగుమతి సొమ్ము స్వీకరించడానికి కంపెనీ పేరున (బ్యాంకు పూర్తి పేరు, శాఖ) లో అమెరికన్ డాలర్ల కరెంటు ఖాతా తెరవాలని తీర్మానించడమైనది. 2. ఖాతా తెరిచే దరఖాస్తు మీద అధ్యక్షులు గానీ సి.ఇ.ఓ. గానీ ఎవరైనా ఒక్కరు సంతకం చేయవచ్చు. 3. ఖాతా నుంచి చేసే ప్రతి చెల్లింపుకూ ఇద్దరూ కలిసి సంతకం చేయాలి. ఇంటర్నెట్ ద్వారా అయితే ఒకరు నమోదు చేసి మరొకరు ఆమోదించాలి. 4. ఈ ఖాతా మీద అప్పు గానీ ఓవర్‌డ్రాఫ్టు గానీ తీసుకునే అధికారం ఎవరికీ ఇవ్వలేదు. 5. ఈ తీర్మానాన్ని బోర్డు రద్దు చేసి, బ్యాంకుకు రాతపూర్వకంగా తెలిపేవరకు ఇది అమల్లో ఉంటుంది.”

పాత తీర్మానంతో పోలిస్తే ఇది పొడుగే. కానీ ఒక్కో అంశానికి ఒక్కో సంఖ్య ఉంది, ఇంగ్లిషు ప్రతిలోనూ అవే సంఖ్యలు వస్తాయి. ‘గానీ’ ఉన్నచోట విడివిడిగా అని, ‘కలిసి’ ఉన్నచోట ఉమ్మడిగా అని అనువాదకుడు నిశ్చింతగా రాయవచ్చు. ఊహించాల్సింది ఏమీ మిగల్లేదు.

తర్వాత కాగితాల వరుస. ముందు తెలుగు తీర్మానం నకలును కంపెనీ లెటర్‌హెడ్ మీద తీసి, అధికారం ఉన్న డైరెక్టరు ‘నిజ ప్రతి’ అని ధ్రువీకరిస్తారు. తీర్మానాన్ని మార్చలేదు, రద్దు చేయలేదు, ఈ తేదీ నాటికి అమల్లో ఉంది అన్న మాట అందులో ఉండాలి. దాని వెనక అనువాదం, దాని వెనక అనువాదకుడి ప్రకటన. తనకు రెండు భాషలూ వచ్చునని, తన ఎరుకలో ఇది పూర్తి, సరైన అనువాదమని పేరు, చిరునామా, తేదీతో సంతకం చేస్తాడు. అనువాదకుడు సంతకందార్లలో ఒకరు కాకూడదు. సి.ఇ.ఓ. తనకు అధికారం ఇచ్చిన పత్రాన్ని తానే అనువదిస్తే ఎంత నిజాయితీగా చేసినా బ్యాంకు ఒప్పుకోదు.

జర్మనీ లాంటి దేశాల్లో కోర్టు ముందు ప్రమాణం చేసిన అనువాదకులు ఉంటారు, వాళ్ల ముద్ర ఉంటే చాలు. మన దగ్గర ఆ పద్ధతి లేక నోటరీ దగ్గరికి వెళతాం. 1952 నాటి నోటరీల చట్టం నోటరీకి అనువాదాన్ని సరిచూసి ధ్రువీకరించే అధికారం ఇచ్చింది. ఆచరణలో మాత్రం ఎక్కువమంది నోటరీలు అనువాదకుడు తమ ముందు సంతకం చేశాడన్న దాన్నే ధ్రువీకరిస్తారు. ఏది చేశారో ముద్ర పక్కనున్న వాక్యం చదివితే తెలుస్తుంది. బ్యాంకు ఏది అడిగిందో ముందే కనుక్కోవడం అందుకే.

నోటరీ చాలదంటే అపోస్టిల్. భారత్‌లో ఈ హేగ్ ఒప్పందం 2005 జూలైలో, సింగపూర్‌లో 2021 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. కాబట్టి విదేశాంగ శాఖ అతికించే ఒక్క అపోస్టిల్‌తో పని జరుగుతుంది, రాయబార కార్యాలయం ముద్ర అక్కర్లేదు. వ్యాపార పత్రమైతే అంతకుముందు చాంబర్ ఆఫ్ కామర్స్ ధ్రువీకరణ కావాలి. హైదరాబాద్‌లోని విదేశాంగ శాఖ కార్యాలయం నుంచే ఇది తీసుకోవచ్చు. అయితే అపోస్టిల్ చెప్పేది ఒక్కటే: కాగితం మీదున్న అధికారి సంతకం, ముద్ర అసలువేనని. లోపల జాయింట్లీ ఉందా సింగ్లీ ఉందా అన్నది అది చూడదు. తప్పు అనువాదానికి కూడా అంతే అందంగా అపోస్టిల్ పడుతుంది.

ఖాతా తెరిచాక కూడా ఈ కాగితానికి విశ్రాంతి లేదు. అధ్యక్షుడి పదవీకాలం ముగిసి కొత్తవారు వస్తే పాతవారి అధికారం రద్దు చేస్తూ, కొత్తవారిని నియమిస్తూ మరో తీర్మానం, మరో అనువాదం, మరో నమూనా సంతకం పంపాలి. ఐదో అంశం ప్రకారం కాగితం చేరేవరకు సింగపూర్ బ్యాంకు దృష్టిలో పాతవారే సంతకందారు. మూడో అంశం ప్రకారం ఇద్దరి సంతకాలూ తప్పనిసరి కాబట్టి, ఆ మధ్యకాలంలో పాత అధ్యక్షుడు సంతకం పెట్టనంటే చెల్లింపులు ఆగుతాయి, పెడితే పదవిలో లేని మనిషి సంతకంతో డబ్బు కదులుతుంది. అందుకని కొత్త అధ్యక్షుణ్ని ఎన్నుకున్న రోజే, అదే సమావేశంలో, ఈ తీర్మానం కూడా ఎజెండాలో పెట్టుకోవాలి. పాత అనువాదం ఫైలు దగ్గరుంటే పేర్లు, తేదీలు తప్ప మిగతా మాటలు మార్చాల్సిన పని ఉండదు.